దుకాణం మూశారు, జీఎస్టీ నంబర్ మూయలేదు: నిల్ రిటర్న్‌ల లేట్ ఫీజు ఎవరు మాఫీ చేస్తారు?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "సార్, జీఎస్టీ నంబర్ తీసుకున్నాను, వ్యాపారం జరగలేదు, రిటర్న్‌లు వేయలేదు. ఇప్పుడు లేట్ ఫీజు వేలల్లో చూపిస్తోంది. మాఫీకి అర్జీ ఎవరికి పెట్టుకోవాలి?" అని. కల్యాణదుర్గం నుంచి అడిగారు, ఉరవకొండ నుంచి అడిగారు, రాయదుర్గంలో కుట్టు మిషన్లు పెట్టుకుని మానేసిన వాళ్ళు అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు, మా ఆఫీసుకి వచ్చిన ఒకాయన సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్తాను. ఆయన పేరు, ఊరు చెప్పను. లెక్కలు మాత్రం చెప్తాను, మీ లెక్కతో పోల్చుకోండి.

2025 జూన్ 10న వచ్చాడాయన. కల్యాణదుర్గం వైపు పల్లె. యాభై దాటిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఒక అర్జీ. తెల్లకాగితం మీద మంచి దస్తూరీతో రాయించుకుని వచ్చాడు. "కరువు వల్ల మా వ్యాపారము నిలిచిపోయినది. కావున లేటు ఫీజు మాఫీ చేయవలసినదిగా ప్రార్థన" అని. ఒక కాపీ ఆఫీసులో ఇచ్చి ముద్ర కూడా వేయించుకున్నాడు. ముద్ర పడింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాడు. మూడు నెలలు చూసినా ఏమీ రాకపోయేసరికి మా దగ్గరికి వచ్చాడు.

"ఏందన్నా, ఏమైంది?" అన్నాను.

"యాపారమే లేదు సార్. రూపాయి అమ్మలేదు, రూపాయి కొనలేదు. అట్లాంటప్పుడు రిటర్న్ ఏం వేసేది? లేనిదానికి లెక్క ఏం చెప్పేది?"

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. కానీ చట్టం వేరేగా చూస్తుంది. జీఎస్టీలో రిటర్న్ అనేది అమ్మకం జరిగినందుకు వేసేది కాదు, నంబర్ ఉన్నందుకు వేసేది. నంబర్ బతికి ఉన్నన్నాళ్ళూ ప్రతి నెలా "నేను ఈ నెల ఏమీ చేయలేదు" అని కూడా చెప్పాలి. దాన్నే నిల్ రిటర్న్ అంటాం. చెప్పకపోతే రోజుకి ఇంత అని పడుతుంది.

ఆయన కథ ఏమిటంటే, శనక్కాయలు కొని, మిషన్‌లో కొట్టించి, గింజ అమ్మేవాడు. మిల్లు వాళ్ళు "జీఎస్టీ బిల్లు ఉంటేనే సరుకు దించుకుంటాం" అన్నారని 2021లో నంబర్ తీసుకున్నాడు. నిజానికి ఆయన అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు ఎప్పుడూ దాటలేదు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్ళకి ఆ పరిమితి లోపల ఉంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మిల్లు కోసం తీసుకున్నాడు, అది తప్పేం కాదు. రెండేళ్ళు బాగానే నడిచింది. 2023 ఖరీఫ్ సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే జిల్లా మనది. ఆ ఏడు అది కూడా సరిగా పడలేదు. జిల్లాలో చాలా మండలాలు కరువు మండలాల జాబితాలోకి ఎక్కాయి. కాయ లేదు, మిషన్‌కి పని లేదు. ఆగస్టు నెల రిటర్న్ వేశాడు, సెప్టెంబర్‌ది వేయలేదు. అంతకుముందు రిటర్న్‌లు వేసిపెట్టే కుర్రాణ్ణి అడిగితే "వ్యాపారం లేదు కదా, వదిలేయండి, అదే క్యాన్సిల్ అయిపోతుంది" అన్నాడట.

ఈ మాట ఒక్కటే ఆయన్ని ముంచింది. అందులో సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతారు. నెలనెలా రిటర్న్ వేయాల్సినవాళ్ళు వరసగా ఆరు నెలలు వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఆఫీసర్‌కి ఉంది. అధికారం ఉంది అంటే ఆరో నెల తిరగ్గానే చేసేస్తారని కాదు. కొందరికి ఏడో నెలలోనే REG-17 నోటీసు వస్తుంది, కొందరికి ఏళ్ళు గడిచినా రాదు. ఈయనకి రాలేదు. ఒకవేళ రద్దు అయినా, రద్దు తేదీ దాకా పడిన బాకీ ఎక్కడికీ పోదు. నంబర్ పోయినంత మాత్రాన పాత బాకీ పోదని చట్టంలో 29వ సెక్షన్‌లోనే రాసి ఉంది.

ఇప్పుడు అర్జీ సంగతికి వద్దాం. అసలు ఇది ఎవరి చేతిలో ఉంది?

మనవాళ్ళు కరెంటు బిల్లు దగ్గరికి, కోఆపరేటివ్ బ్యాంకు దగ్గరికి వెళ్ళినట్టే ఇక్కడా ఆఫీసర్‌ని బతిమాలితే తగ్గిస్తాడనుకుంటారు. లేట్ ఫీజు విషయంలో ఆఫీసర్‌కి ఆ అధికారం లేదండి. ఆయన మంచివాడైనా, మన కష్టం కళ్ళారా చూసినవాడైనా, వంద రూపాయలు కూడా తగ్గించలేడు. మాఫీ చేసే అధికారం 128వ సెక్షన్ కింద ప్రభుత్వానికి ఉంది. అదీ జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు చేస్తే, నోటిఫికేషన్ ద్వారా, ఒక వర్గం పన్నుదారులందరికీ కలిపి. ఒక మనిషికి, ఒక అర్జీకి మాఫీ చేసే దారి ఆ సెక్షన్‌లో లేదు. 128ఏ అని ఇంకొకటి వచ్చింది, దాని గురించి వాట్సాప్‌లో తెగ తిరిగింది. అది 2017 నుంచి 2020 వరకు ఉన్న కొన్ని పన్ను డిమాండ్ల మీద వడ్డీ, పెనాల్టీల గురించి. నిల్ రిటర్న్ లేట్ ఫీజుకి దానితో సంబంధం లేదు.

మరి "మా బంధువుకి మాఫీ అయ్యింది" అంటారే, అది అబద్ధమా? కాదు. రెండుసార్లు పెద్ద మాఫీలు వచ్చాయి. అవి ఎందుకు వచ్చాయో తెలిస్తే ఇప్పుడు ఎందుకు రావడం లేదో కూడా అర్థమవుతుంది.

మొదట్లో నిల్ రిటర్న్ ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు, అంటే కేంద్రానికి 10, రాష్ట్రానికి 10. ఇది ఇప్పటికీ అంతే. కానీ అప్పట్లో గరిష్ఠం ఒక్కో రిటర్న్‌కి 10,000 రూపాయలు. ఊహించుకోండి, ఒక్క అమ్మకం లేని నెలకి పదివేలు! అట్లాంటి నెలలు ముప్పై ఉంటే మూడు లక్షలు. ఊరూరా ఇదే గోల. 2020 జూన్‌లో కౌన్సిల్ కూర్చుని, 2017 జూలై నుంచి 2020 జనవరి వరకు పన్ను బాకీ లేని రిటర్న్‌లకి లేట్ ఫీజు పూర్తిగా తీసేసింది, సెప్టెంబర్ 30 లోపల వేసుకోండి అంది. మళ్ళీ 2021 మే 28న 43వ సమావేశంలో, 2021 ఏప్రిల్ వరకు ఉన్న నిల్ రిటర్న్‌లకి 500 కట్టి వేసుకోండి అంది. ఆ గడువు ఆగస్టు 31, తర్వాత నవంబర్ 30 దాకా పొడిగించారు.

అదే సమావేశంలో ఇంకో మార్పు జరిగింది. దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. 2021 జూన్ నెల రిటర్న్ నుంచి నిల్ 3B మీద గరిష్ఠ లేట్ ఫీజు శాశ్వతంగా 500 రూపాయలు చేశారు. రోజుకి 20 చొప్పున 25 రోజులకి 500 అవుతుంది, అక్కడితో ఆ నెలది ఆగిపోతుంది. అంటే మాఫీ పథకంలో ఇచ్చిన రేటే ఇప్పుడు మామూలు రేటు. నెలవారీ నిల్ రిటర్న్‌ల కోసం మళ్ళీ మాఫీ పథకం వస్తుందని కాచుకుని కూర్చోవడం నా దృష్టిలో దండగ అంటే ఇందుకే. వచ్చినా ఇంకెంత తగ్గిస్తారు? ఈలోపల నెలకి 500 చొప్పున పెరుగుతూనే ఉంటుంది.

కరువు సంగతి ఏమిటి, ప్రకృతి వైపరీత్యానికి సడలింపు లేదా అని ఆయన అడిగాడు. ఉంది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా వాళ్ళకి సెప్టెంబర్, అక్టోబర్ నెలల 3B గడువును నవంబర్ 30 దాకా పొడిగిస్తూ నోటిఫికేషన్ ఇచ్చారు. అది కూడా జిల్లా మొత్తానికి, ముందే చెప్పినట్టు ఒక వర్గానికి. తుపాను ఒక రాత్రి వచ్చి పోతుంది, దానికి తేదీ ఉంటుంది. మన కరువుకి తేదీ లేదు. మన జిల్లా కరువు పేరు మీద అట్లాంటి నోటిఫికేషన్ నేనైతే చూడలేదు. అడగాలనుకుంటే వర్తక సంఘం తరఫున రాష్ట్ర ఆర్థిక మంత్రికి ఇవ్వాలి, ఎందుకంటే కౌన్సిల్‌లో కూర్చునేది మంత్రులు. ఆ అర్జీ రాస్తే నేనూ సంతకం పెడతాను. కానీ అది వచ్చేదాకా మీ నంబర్ అట్లా పడి ఉండకూడదు.

సరే, ఆయనకి లెక్క వేశాం. 2023 సెప్టెంబర్ నుంచి 2025 ఏప్రిల్ వరకు గడువు దాటిన నెలలు 20. వాటిలో 19 నెలలు 25 రోజుల హద్దు ఎప్పుడో దాటాయి. 19 ఐదువందలు 9,500. ఏప్రిల్ నెలది మే 20న వేయాలి. మేము జూన్ 12న వేశాం కాబట్టి 23 రోజులు, 460 రూపాయలు. మొత్తం 9,960. ఆయన విన్నది ఎంతో తెలుసా? ఎవరో "లక్ష దాటి ఉంటుంది" అన్నారట. ఆ లక్ష మాట విని ఏడాదిన్నర పోర్టల్ వైపే చూడలేదు. భయపడి చూడకపోవడం వల్లే ఇందులో సగం పైగా పడింది.

ఈ 500 లెక్క నిజంగా నిల్ అయితేనే. ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్తగా వినండి. మూసేసిన దుకాణానికి ఇంకా అద్దె కడుతున్నారా? 2024 అక్టోబర్ 10 నుంచి, నంబర్ ఉన్నవాళ్ళు జీఎస్టీ లేని యజమాని దగ్గర దుకాణం, గోడౌన్ లాంటివి అద్దెకి తీసుకుంటే, ఆ అద్దె మీద 18 శాతం పన్ను అద్దెకున్నవాళ్ళే కట్టాలి. రివర్స్ ఛార్జ్ అంటారు. కాంపొజిషన్ వాళ్ళని తర్వాత దీన్నుంచి తప్పించారు, మామూలు నంబర్ వాళ్ళకి ఉంది. నెలకి 2,000 అద్దె అనుకోండి, 360 రూపాయల పన్ను ఉంది కాబట్టి ఆ నెల నిల్ కాదు. నిల్ కాకపోతే లేట్ ఫీజు రోజుకి 20 కాదు, 50. గరిష్ఠం 500 కాదు, చిన్న వ్యాపారికి 2,000. పన్ను మీద వడ్డీ వేరే. తాళం వేసిన షట్టర్‌కి ఇంత కథ ఉందని ఎవరనుకుంటారు! ఈయన అదృష్టం బాగుండి 2023 డిసెంబర్‌లోనే గోడౌన్ ఖాళీ చేశాడు. అద్దె చీటీలు, బ్యాంకు పాస్‌బుక్ రెండూ చూసి, ఆ నెలల్లో అమ్మకం, కొనుగోలు ఏదీ లేదని నిర్ధారించుకున్నాకే పని మొదలుపెట్టాం.

మొదటి అడ్డంకి ఓటీపీ. రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబర్ ఆ కుర్రాడిది. పాస్‌వర్డ్ కూడా అతని దగ్గరే. ఈసారికి కుర్రాడు దొరికాడు, ఓటీపీ చెప్పాడు, లోపలికి వెళ్ళగానే ఫోన్, మెయిల్ మార్చేశాం. దొరక్కపోతే మీ ఆధార్, పాన్, రిజిస్ట్రేషన్ కాగితాలు పట్టుకుని మీ పరిధిలోని జీఎస్టీ ఆఫీసుకి వెళ్ళండి. ఫోన్, మెయిల్ మార్చే వీలు ఆఫీసర్ లాగిన్‌లో ఉంటుంది. మాఫీ చేయలేని ఆఫీసర్ ఈ పని మాత్రం చేసిపెట్టగలడు.

తర్వాత రిటర్న్‌లు. పాత నెల వేయకుండా కొత్త నెల వేయనివ్వదు. అదీ ఒక్కో నెలకి రెండు, ముందు GSTR-1, తర్వాత GSTR-3B. మే నెలది కూడా కలుపుకుంటే 21 నెలలు, 42 రిటర్న్‌లు, ప్రతిదానికీ ఓటీపీ. రెండు రోజులు కూర్చున్నాం.

ఇందులో జనాన్ని తికమక పెట్టే విషయం ఒకటుంది. మొదటి నెల, అంటే 2023 సెప్టెంబర్ 3B వేస్తే ఒక్క రూపాయి అడగలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. "చూసినారా సార్, అర్జీ పని చేసినట్టుంది!" అన్నాడు. కాదు. ఒక నెల ఆలస్యానికి లేట్ ఫీజును పోర్టల్ తర్వాతి నెల రిటర్న్‌లో 5.1 పట్టికలో చూపిస్తుంది. సెప్టెంబర్‌ది అక్టోబర్‌లో పడుతుంది, అక్టోబర్‌ది నవంబర్‌లో. అందుకే రెండో నెల నుంచి నిల్ అని టిక్ పెట్టి దాటిపోలేం. పాత ఫీజు బాకీ కనిపిస్తుంది కాబట్టి మామూలు దారిలో వెళ్ళి ఫీజు కట్టి వేయాలి. అట్లా వేసినా, పన్ను సున్నా కాబట్టి రేటు నిల్ రేటే. కంగారు పడొద్దు. మే నెలది జూన్ 20 గడువులోపలే వేశాం కాబట్టి దాని మీద కొత్త ఫీజు లేదు, ఏప్రిల్‌ది 460 మాత్రం అందులో పడింది.

కట్టేది నగదుగానే. ఐటీసీ ఎంత ఉన్నా లేట్ ఫీజుకి వాడనివ్వరు. చలానా కట్టేటప్పుడు Fee అనే గడిలో వేయాలి, CGST కింద సగం, SGST కింద సగం. ఈయన అంతకుముందే నెట్ సెంటర్‌లో 4,000 కట్టేశాడు, అంతా Tax గడిలో. డబ్బు లెడ్జర్లో కనబడుతోంది, ఫీజు మాత్రం తీరలేదు. పోయిందనుకున్నాడు. పోదు. PMT-09 అని ఒక ఫారం ఉంది, దానితో ఆ 4,000ని Fee గడిలోకి చెరో 2,000 మార్చాం. మిగిలిన 5,960కి మాత్రం కొత్త చలానా.

బాకీ తీరింది. ఇప్పుడు అసలు పని: మీటర్ ఆపడం. చాలామంది ఇక్కడే "హమ్మయ్య" అని వెళ్ళిపోతారు, ఆరు నెలల తర్వాత 3,000 బాకీతో మళ్ళీ వస్తారు. అదే రోజు, జూన్ 12న, రద్దు కోసం REG-16 పెట్టాం. పోర్టల్‌లో Services కింద Registration, అందులో Application for Cancellation of Registration. కారణం దగ్గర వ్యాపారం నిలిపివేత అని ఎంచుకున్నాం. అది పెట్టిన రోజు నుంచే రిజిస్ట్రేషన్ సస్పెన్షన్‌లోకి వెళ్తుంది. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్ళూ నెలవారీ రిటర్న్ వేయనక్కరలేదు. ఆర్డర్ వచ్చేదాకా ఆగక్కరలేదన్నమాట, మీటర్ ఆ రోజే ఆగింది. జూన్‌లో ఆ పన్నెండు రోజులు నంబర్ బతికే ఉంది కాబట్టి జూలైలో ఆ ఒక్క నెలకి నిల్ వేశాం.

"వెనక తేదీ వేసి, 2023 సెప్టెంబర్ నుంచే రద్దు చేయించలేరా సార్? అప్పుడు ఈ పదివేలు ఉండదు కదా" అన్నాడాయన. తెలివైన ప్రశ్నే. వ్యాపారం ఆపిన 30 రోజుల్లోపల దరఖాస్తు పెట్టి ఉంటే ఆ తేదీ దొరికేది. సస్పెన్షన్ మాత్రం, మనం దరఖాస్తు పెట్టిన రోజు, మనం అడిగిన రద్దు తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే దాని నుంచే మొదలవుతుంది. రిటర్న్‌లు వేయనివాళ్ళకి ఆఫీసర్ తనంతట తాను రద్దు చేసేటప్పుడు వెనక తేదీ వేసే వీలుంది. అది ఆయన ఇష్టం, దాన్ని నమ్ముకుని కూర్చోలేం. పైగా రిటర్న్ ఎగ్గొట్టినందుకు రద్దయిన నంబర్ మన పాన్ మీద మచ్చలా ఉంటుంది. రేపు వానలు పడి మళ్ళీ నంబర్ కావాలంటే "పాతది ఎందుకు రద్దయింది, ముందు దాని సంగతి తేల్చు" అని కొత్త దరఖాస్తు వెనక్కి కొట్టే అవకాశం ఉంది.

REG-17 నోటీసు ఇప్పటికే వచ్చినవాళ్ళకి ఒక మాట. వ్యాపారం మళ్ళీ చేయాలనుకుంటే ఆర్డర్ రాకముందే రిటర్న్‌లన్నీ వేసి ఫీజు కట్టేయండి, నోటీసు రద్దు చేస్తారు. ఆర్డర్ వచ్చేసి ఉంటే 90 రోజుల్లో పునరుద్ధరణకి REG-21 పెట్టుకోవచ్చు. వ్యాపారం వద్దనుకుంటే ఆర్డర్‌ని అట్లాగే ఉండనివ్వండి.

అయితే రెండు సందర్భాల్లోనూ ఒకటి తప్పదు: GSTR-10, ఫైనల్ రిటర్న్. ఈ మొత్తం కథలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రద్దు తేదీ, ఆర్డర్ తేదీ, వీటిలో ఏది ఆలస్యమైతే దాని నుంచి మూడు నెలల్లో వేయాలి. దీనికి 500 పరిమితి లేదు. రోజుకి 200, గరిష్ఠం 10,000. ఈయనకి 20 నెలల నిర్లక్ష్యానికి పడింది 9,960. నంబర్ రద్దయింది కదా అని ఈ ఒక్క ఫారం మర్చిపోతే యాభై రోజుల్లో అంతకంటే ఎక్కువ పడేది. దీనికి 2023లో ఒకసారి 1,000కి తగ్గించి మాఫీ ఇచ్చారు, ఆగస్టు 31తో అయిపోయింది.

ఆర్డర్ జూలై 9న వచ్చింది. అంటే అక్టోబర్ 9 దాకా సమయం ఉంది, మేము ఆగస్టులోనే వేసేశాం. అందులో చూపించాల్సింది మిగిలిన సరుకు, మిషనరీ మీద వాడుకున్న ఐటీసీ. సరుకు ఏమీ లేదు. ఎలక్ట్రానిక్ కాటా ఒకటి ఉంది. 2021 నవంబర్ 10న కొన్నాడు, దాని మీద 5,400 ఐటీసీ తీసుకున్నాడు. కాటా లాంటి వాటికి జీవితకాలం 60 నెలలని లెక్క. 43 నెలల పైన వాడాడు, విడి రోజులు వదిలేస్తే మిగిలింది 16 నెలలు. 5,400ని 60తో భాగించి 16తో గుణిస్తే 1,440. ఇవాళ ఆ కాటా అమ్మితే 6,000 వస్తుంది, దాని మీద 18 శాతం 1,080. రెండింటిలో ఎక్కువది కట్టాలి, అంటే 1,440. ఆయన క్రెడిట్ లెడ్జర్లో 2,100 మిగిలి ఉంది, అందులోంచి సరిపోయింది.

ఇంకొక గడువు చెప్పి ముగిస్తాను. గడువు తేదీ నుంచి మూడేళ్ళు దాటిన రిటర్న్‌ని పోర్టల్ ఇక తీసుకోదు. చట్టంలో 2023లోనే వచ్చింది, పోర్టల్‌లో 2025లో అమలు చేశారు. ఈయన 2023 సెప్టెంబర్ రిటర్న్ గడువు ఆ అక్టోబర్ 20. ఇట్లాగే వదిలేసి ఉంటే 2026 అక్టోబర్ 20తో ఆ తలుపు మూసుకుపోయేది. పాత నెల వేయనిదే తర్వాతి నెల వేయలేం అని చెప్పాను కదా. మీ మొదటి పెండింగ్ నెల ఏదో ఇవాళే చూసుకోండి, దానికి మూడేళ్ళు కలపండి.

నంబర్ ఉంచుకోవాలనుకునేవాళ్ళకి, అంటే వచ్చే ఖరీఫ్‌కి మళ్ళీ మొదలుపెడతామనేవాళ్ళకి, రెండు దారులు ఉన్నాయి. ఒకటి, బాకీలు తీర్చాక క్వార్టర్లీ పద్ధతికి, QRMP అంటారు, మారిపోండి. ఏడాదికి పన్నెండు బదులు నాలుగు 3Bలు. మర్చిపోయినా నష్టం 6,000 కాదు, 2,000. రెండోది, పాత బాకీ ఏదీ లేనివాళ్ళు నిల్ రిటర్న్‌ని రిజిస్టర్డ్ ఫోన్ నుంచి మెసేజ్‌తో కూడా వేయొచ్చు. 14409 నంబర్‌కి ఇట్లా పంపాలి, చివర నెల, సంవత్సరం:

```
NIL 3B 37XXXXXXXXXXXXX 052025
```

ఒక కోడ్ తిరిగి వస్తుంది. దాన్ని మళ్ళీ అదే నంబర్‌కి పంపితే అయిపోయినట్టు:

```
CNF 3B 123456
```

నెట్ సెంటర్ అక్కరలేదు, బస్ ఛార్జీ అక్కరలేదు. లేట్ ఫీజు బాకీ ఉంటే మాత్రం ఈ దారి తెరుచుకోదు.

ఆయన చివరిసారి వచ్చినప్పుడు ఆ అర్జీ కాపీ అడిగాడు, ముద్ర ఉంది కదా దాచుకుంటానని. ఇచ్చేశాను. దాంతోపాటు రద్దు ఆర్డర్, GSTR-10 రసీదు ప్రింట్ తీసి అదే కవర్లో పెట్టి, ఈ రెండూ పైన పెట్టుకో అన్నా అని చెప్పాను. మీ ప్రశ్న అడిగేటప్పుడు మొదటి పెండింగ్ నెల ఏదో, ఆర్డర్ వచ్చిందో లేదో రాయండి. జీఎస్టీ నంబర్ మాత్రం రాయొద్దు.